more అనే మాట పడేలోపు: తెలుగు క్యాప్షన్‌లో అసలు విషయం కనబడేలా రాయడం

పోయిన వేసవిలో మా వదిన ఆవకాయ ఆర్డర్లు మే 18తో ఆపేస్తున్నానని ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు పెట్టింది. 19న ఫోన్లు వచ్చాయి, 20న వచ్చాయి, 22న కూడా వచ్చాయి. "పోస్టులో రాశాను కదండీ" అని ఈవిడ, "ఎక్కడ రాశారండీ, నాకు కనబడలేదే" అని వాళ్లు. ఇద్దరి మాటా నిజమే. తేదీ పోస్టులో ఉంది. కానీ అయిదో వాక్యంలో ఉంది. చూసేవాళ్ల ఫోన్‌లో మొదటి వాక్యం దగ్గరే `more` వచ్చి కూర్చుని మిగతాదంతా కోసేసింది.

ఆ క్యాప్షన్ ఇలా మొదలైంది:

```
అందరికీ నమస్కారం 🙏

ఎండాకాలం వచ్చిందంటే మన ఇళ్లల్లో ముందుగా గుర్తొచ్చేది ఆవకాయే కదండీ. మా అమ్మమ్మగారు నేర్పిన పద్ధతిలో, గానుగ నూనెతో, చేత్తో కలిపిన పచ్చడి ఈసారి కూడా సిద్ధం చేస్తున్నాం. కిలో 650 రూపాయలు. ఆర్డర్లు మే 18 వరకే తీసుకుంటాం...
```

ఫీడ్‌లో వేలితో పైకి తోసుకుంటూ పోయేవాళ్లకు ఇందులో కనబడింది పేజీ పేరు, దాని పక్కన "అందరికీ నమస్కారం", అంతే. రెండో వరుసను ఖాళీ లైను మింగేసింది. ఆ ఒక్క క్యాప్షన్‌ను సరిచేసిన తీరునే ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. మీది చీరల పేజీ అయినా, ట్యూషన్ సెంటర్ అయినా పని ఇదే.

కోత ఎక్కడ పడుతుందో ముందు కొలుచుకోండి

ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో మొత్తం 2,200 క్యారెక్టర్లు రాయొచ్చు. వాటిలో మొదటి 125 కనబడతాయని చాలా చోట్ల చెబుతుంటారు. తెలుగులో రాసేవాళ్లు ఈ 125ను నమ్ముకుంటే మోసపోతారు. దానికి రెండు కారణాలున్నాయి.

మనం ఒక అక్షరం అనుకునేది ఫోన్‌కు ఒక క్యారెక్టర్ కాదు. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం. లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, అన్నీ కలిపి ఆరు. వత్తులు, గుణింతాలు అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. ఇది మొదటిది. రెండోది వెడల్పు. ఇంగ్లీషు `l`, `i`, `t` సన్నగా నిలబడతాయి. మన "ఘ", "ఝ", "యా" కాళ్లు చాపుకుని కూర్చుంటాయి. ఒకే వరుసలో ఇంగ్లీషు అక్షరాలు పట్టినన్ని తెలుగువి పట్టవు. ఫీడ్‌లో కోత పడేది వరుసలు చూసి. సాధారణంగా రెండు వరుసలు నిండగానే `more` వస్తుంది. అందుకే క్యారెక్టర్ల లెక్క పక్కన పెట్టి, మీ పేజీకి ఎంత చోటు ఉందో మీరే కొలుచుకోవడం మేలు.

కొలవడానికి నేను చేసేది చాలా మోటు పద్ధతి. ఏదో ఒక ఫొటో పెట్టి, క్యాప్షన్‌లో ఎంటర్ కొట్టకుండా ఒకటి నుంచి ఇరవై దాకా అంకెల పేర్లు వరసగా రాస్తాను:

```
ఒకటి రెండు మూడు నాలుగు ఐదు ఆరు ఏడు ఎనిమిది తొమ్మిది పది పదకొండు పన్నెండు
```

ఇలా ఇరవై దాకా. పోస్టు చేసి, ఇంకో ఫోన్‌లో, ఇంకో అకౌంటు నుంచి, ఫీడ్‌లో చూడాలి. రాసే పెట్టెలో కోత కనబడదు కాబట్టి అక్కడ చూసుకుంటే లాభం లేదు. చూశాక ఆ పోస్టు తీసేయొచ్చు. అసలు పేజీలో ఇలాంటిది పెట్టడం ఇబ్బందిగా ఉంటే, ఇద్దరు ముగ్గురే ఫాలో అయ్యే ప్రైవేటు అకౌంటు ఒకటి తెరిచి అందులో చేయండి. కాకపోతే దాని పేరు కూడా మీ పేజీ పేరంత పొడుగ్గా ఉండాలి. క్యాప్షన్ మొదటి వరుసలో ముందు పేజీ పేరు వస్తుంది, దాని పక్కనుంచే మన మాట మొదలవుతుంది. వదిన పేజీ పేరు ఇరవై ఇంగ్లీషు అక్షరాలు. మొదటి వరుసలో దాదాపు సగం దానికే పోయింది.

నా ఫోన్‌లో "పది" దగ్గర కోత పడింది. ఒకటి నుంచి పది దాకా ఉన్న అక్షరాలను కంటికి కనబడే లెక్కన కూడితే 25. రెండో వరుస చివర చుక్కలకు, `more` అన్న మాటకు కూడా కొంత చోటు పోతుంది కాబట్టి ఆ వరుస కూడా పూర్తిగా మనది కాదు. అంటే వదిన చేతిలో ఉన్నది ఇరవై అయిదు అక్షరాల చోటు. ఇదొక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించమన్నాను.

తర్వాత అదే పోస్టును మా నాన్నగారి ఫోన్‌లో చూశాను. ఆయన అక్షరాల సైజు బాగా పెంచి పెట్టుకున్నారు. అక్కడ "ఆరు" దగ్గరే ఆగిపోయింది. అక్షరాలు 14. ఇది అసలు అనుకోలేదు. పచ్చళ్లు ఆర్డరిచ్చే వాళ్లలో సగం మంది ఆ వయసు వాళ్లే కదా! కాబట్టి మన దగ్గర రెండు కొలతలున్నాయి. 25లో విషయం మొత్తం పట్టాలి, 14లో ప్రాణం పట్టాలి.

అసలు మాట ఒక్కటే తీయండి

వదినను అడిగాను, "ఈ పోస్టు చదివాక జనం ఏం చేయాలి వదినా?" అని. "ఆవకాయ ఎంత బాగుంటుందో తెలుసుకోవాలి" అంది. అది కాదు, అన్ని ఫోన్లు దేనివల్ల వచ్చాయి? తేదీ తెలియకపోవడం వల్ల. అయితే ముందుకు రావలసింది తేదీ. చోటు మిగిలితే ధర. గానుగ నూనె, అమ్మమ్మ, చేత్తో కలపడం ఇవన్నీ `more` నొక్కిన వాళ్లకు. నొక్కారంటే వాళ్లకు ఆసక్తి ఉన్నట్టే, అక్కడ ఎంత రాసినా చదువుతారు.

నమస్కారం తీసేయమంటే వదిన ఒప్పుకోలేదు. పలకరించకుండా మొహం మీద ధర చెప్పినట్టుంటుందట. సరే, నమస్కారాన్ని కిందకు దించాం. మొదటి వరుస కింద పలకరింపు ఉన్నా ఎవరూ తప్పు పట్టలేదు.

మొదటి ప్రయత్నం ఇది:

```
కొత్త ఆవకాయ ఆర్డర్లు మే 18 వరకే. కిలో 650.
```

అంకెలతో కలిపి 20 అక్షరాలు. 25లో హాయిగా పట్టింది. నా ఫోన్‌లో చూస్తే రెండు వరుసల్లో మొత్తం కనబడింది. నాన్నగారి ఫోన్‌లో మాత్రం "కొత్త ఆవకాయ ఆర్డర్లు మే 18" దగ్గర తెగింది. "వరకే" పోయింది. ఇప్పుడు చదివితే ఏమనిపిస్తుంది? మే 18 నుంచి ఆర్డర్లు మొదలవుతాయేమో అనిపిస్తుంది. విషయం సగం కనబడటం కాదు, తిరగబడింది.

ఇది తెలుగుకు ఉన్న చిక్కు. మన వాక్యంలో క్రియ చివర్న ఉంటుంది, కాదనే మాట కూడా చివర్నే ఉంటుంది. "ఈ ఆదివారం షాపు ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకా తెరిచి ఉండదు" అని రాస్తే, "తెరిచి" దగ్గర కోత పడిందంటే జనం సంచులు పట్టుకుని వచ్చేస్తారు. కాబట్టి కోతకు దగ్గరగా ఉండే వరుసలో క్రియ మీద ఆధారపడే వాక్యం పెట్టకూడదు. అదృష్టం ఏమిటంటే తెలుగులో క్రియ లేకుండా వాక్యం చక్కగా నడుస్తుంది. "ఆదివారం షాపుకు సెలవు." "స్టాకు అయిపోయింది" బదులు "స్టాకు ఖాళీ", అది కూడా మొదట్లోనే. బస్సు బోర్డు మీద, పెళ్లి భోజనాల దగ్గర రాసే పలకల మీద ఎలా రాస్తారో అలాగన్నమాట.

దాన్ని ఇలా మార్చాం:

```
మే 18 వరకే ఆవకాయ ఆర్డర్లు. కిలో 650.
```

"కొత్త" తీసేశాం. వేసవిలో అమ్మే ఆవకాయ కొత్తదే అని అందరికీ తెలుసు. ఇప్పుడు "మే 18 వరకే ఆవకాయ ఆర్డర్లు" దాకా 13 అక్షరాలు. నాన్నగారి ఫోన్‌లో కూడా పట్టింది. అక్కడ ధర కనబడదు, పోనీయండి. తేదీ, "వరకే" రెండూ కలిసి ఒకే చోట ఉన్నాయి, తెగినా అర్థం చెడదు.

లైన్లు ఎక్కడ విడగొట్టాలి

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఖాళీ లైను పెడితే చూడటానికి అందంగా ఉంటుంది, నిజమే. కానీ ఖాళీ లైను కూడా ఒక వరుసే. కనబడేవే రెండు వరుసలైనప్పుడు అందులో ఒకటి గాలికి ఇచ్చేస్తే మిగిలేది ఒక్కటి. కాబట్టి కోత పడే చోటు దాటేదాకా ఎంటర్ జోలికి పోవద్దు. అసలు మాటను ఒకే ధారగా రాసేయండి, వరుస ఎక్కడ విరగాలో ఫోన్ చూసుకుంటుంది. అది పూర్తయ్యాకే మొదటి ఎంటర్.

కోత దాటాక మాత్రం పిసినారితనం వద్దు. అక్కడ ఎన్ని ఖాళీ లైన్లు పెట్టినా ఖర్చు లేదు, చదవడానికి సుఖం. తెలుగు అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి నాలుగైదు వరుసలు ఖాళీ లేకుండా పేరిస్తే ఇటుకల గోడలా కనబడుతుంది. రెండు మూడు వాక్యాలకొక ఖాళీ లైను పెట్టండి. ధరలు, బరువులు లాంటివి ఉంటే ఒక్కో వరుసకు ఒక్కటి.

మొత్తానికి క్యాప్షన్ ఇలా తేలింది:

```
మే 18 వరకే ఆవకాయ ఆర్డర్లు. కిలో 650.

అందరికీ నమస్కారం 🙏 గానుగ నూనెతో, చేత్తో కలిపిన ఆవకాయ. మా అమ్మమ్మగారు నేర్పిన పద్ధతి.

అర కిలో: 340
కిలో: 650
కొరియర్ ఖర్చు వేరు

పేరు, ఊరు, పిన్‌కోడ్ మెసేజ్ పెట్టండి.

#ఆవకాయ #పచ్చళ్లు
```

హ్యాష్‌ట్యాగులు అన్నిటికన్నా కింద. మొదటి వరుసలో హ్యాష్‌ట్యాగు పెట్టి చోటు పోగొట్టుకునే పేజీలు ఇప్పటికీ కనబడుతూనే ఉంటాయి.

ఇంకో మాట. "మొదటి వరుసలో ఊరించి, అసలు విషయం దాచి, `more` నొక్కించాలి" అనే ఉపాయం కూడా ఉంది. వంట కొలతలు, చిట్కాలు రాసేవాళ్లకు అది పని చేయొచ్చు. "ఆవకాయ బూజు పట్టకుండా ఉప్పు కొలత" అని మొదటి వరుసలో చెప్పి, కొలత కింద ఇవ్వడంలో తప్పు లేదు, ఎందుకంటే కింద ఏముందో ముందే చెప్పారు. ఆఖరు తేదీ, ధర, సెలవు లాంటివి మాత్రం దాచకూడదు. అవి దాచితే నొక్కరు, ఫోన్ చేస్తారు.

ఖాళీ లైను నిలవకపోతే

ఒకప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాళీ లైన్లు పెడితే పోస్టు అయ్యాక మాయమైపోయేవి. అందుకే జనం లైనుకొక చుక్క పెట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ అవసరం చాలావరకు పోయింది, మామూలుగా రెండుసార్లు ఎంటర్ కొడితే ఖాళీ లైను నిలుస్తుంది. అయినా ఒక్కోసారి పేరాలు అతుక్కుపోయి వస్తే, ముందు చూడవలసింది లైను చివర మిగిలిపోయిన స్పేసు. వాక్యం అయ్యాక అలవాటుగా స్పేసు కొట్టి, తర్వాత ఎంటర్ కొడతాం. ఫోన్ కీబోర్డు పదం సూచించినప్పుడు అది నొక్కినా వెనకాల తనే ఒక స్పేసు పెడుతుంది. కంటికి కనబడదు కాబట్టి, లైను చివర వేలు పెట్టి బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కి చూడండి. అక్షరం పోకుండా కర్సర్ మాత్రం వెనక్కి జరిగిందంటే స్పేసు ఉన్నట్టే.

నేను క్యాప్షన్లు ల్యాప్‌టాప్‌లో రాసుకుంటాను. వీఎస్ కోడ్ లాంటి ఎడిటర్‌లో వెతికి మార్చే పెట్టెలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఆన్ చేసి ఇది వెతికి, ఖాళీతో మారిస్తే లైను చివరి స్పేసులన్నీ ఒక్క దెబ్బతో పోతాయి:

```
[ \t]+$
```

దీని బదులు `\s+$` వాడొద్దు. కొన్ని ఎడిటర్లలో అది ఎంటర్లను కూడా స్పేసు కింద లెక్కేసి, కష్టపడి పెట్టుకున్న ఖాళీ లైన్లను కూడా ఊడ్చేయగలదు.

కనబడని అక్షరాల సంగతి కూడా చెప్పాలి. ఖాళీ లైను కోసం కనబడని అక్షరం ఇస్తామనే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. క్యాప్షన్ అక్కడ పేస్ట్ చేస్తే మార్చి ఇస్తారు. అలాంటి ఒకదానిలో నేనూ ఒకసారి వదిన క్యాప్షన్ వేశాను. ఖాళీ లైన్లు బాగానే వచ్చాయి, కానీ "ఆన్‌లైన్" కాస్తా "ఆన్లైన్" అయిపోయింది, "పిన్‌కోడ్" "పిన్కోడ్" అయింది. "ఇదేంటి, న కింద ల వత్తు పెట్టావు?" అని వదిన అడిగేదాకా నేను చూడలేదు.

కారణం ఇది. తెలుగులో "న్" తర్వాత "లై" రాస్తే మామూలుగా వత్తుగా మారిపోతుంది. అలా మారకుండా విడిగా నిలబెట్టడానికి రెంటికీ మధ్య వెడల్పు లేని, కంటికి కనబడని అక్షరం ఒకటి ఉంటుంది. దాని యూనికోడ్ సంఖ్య `U+200C`. తెలుగు కీబోర్డులు చాలావాటిలో దాన్ని టైపు చేసే వీలుంటుంది. ఆ సైటు "పనికిరాని కనబడని అక్షరాలు" తీసేసే క్రమంలో దీన్ని కూడా తీసిపారేసింది. ఇంగ్లీషు క్యాప్షన్‌కు దీనివల్ల ఏ తేడా రాదు, తెలుగుకే దెబ్బ. కాబట్టి అలాంటి సైట్లలో వేసి తీసిన క్యాప్షన్‌లో "ఫేస్‌బుక్", "ఆన్‌లైన్", "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలు ఒకసారి చూసుకోండి. అవి వత్తులుగా ముద్దకట్టి ఉంటే అక్కడ ఏదో పోయినట్టే.

అక్షరాలను బొద్దుగా మార్చి ఇచ్చే సైట్లు కూడా మనకు పనికిరావు. అవి నిజంగా బోల్డ్ చేయవు. యూనికోడ్‌లో గణితం కోసం ఉన్న వేరే ఇంగ్లీషు అక్షరాలను తెచ్చి పెడతాయి. ఆ గుంపులో తెలుగు అక్షరాలు లేవు. తెలుగు క్యాప్షన్‌లో ఒక మాటను పైకి ఎత్తాలంటే మన చేతిలో ఉన్నది దాని స్థానం, దాని చుట్టూ ఉన్న ఖాళీ, అంతే.

అదే క్యాప్షన్ వేరే చోట

రీల్‌కు పెడితే చోటు ఇంకా తక్కువ. క్యాప్షన్ వీడియో మీదే అడుగున, దాదాపు ఒక్క వరుసే కనబడుతుంది. అక్కడ 14 అక్షరాల కొలతనే వాడండి. తేదీని వీడియో మీద కూడా అక్షరాల్లో వేసేయడం నయం.

లింక్డ్‌ఇన్‌లో, ఫేస్‌బుక్‌లో క్యాప్షన్ వరుసలో పేరు రాదు, పేరు పైన విడిగా ఉంటుంది. వరుసలు కూడా కాస్త ఎక్కువే దక్కుతాయి. కానీ అక్కడా ఖాళీ లైను ఒక వరుసను తింటుంది. ఒక్కో వాక్యానికి ఒక్కో ఖాళీ లైను పెట్టే అలవాటు లింక్డ్‌ఇన్‌లో బాగా ఉంది. మూడు వరుసలు కనబడే చోట అలా రాస్తే చదవగలిగేది రెండే, మధ్యలోది ఖాళీ. అంకెల పేర్ల పోస్టుతో అక్కడ కూడా ఒకసారి కొలుచుకుంటే సరి.

వాట్సాప్‌లో కోత చాలా ఆలస్యంగా పడుతుంది, `Read more` కనబడాలంటే మెసేజ్ బాగా పొడుగుండాలి. అక్కడ చిక్కు వేరే. ఎంటర్ కొడితే లైను మారకుండా మెసేజ్ వెళ్లిపోతుంటే, ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని `Chats`లో `Enter is send` అన్నది ఆఫ్ చేయండి. వాట్సాప్‌లో `*మే 18 వరకే*` అని రాస్తే బొద్దుగా వస్తుంది, నక్షత్రానికి మాటకు మధ్య స్పేసు ఉంటే రాదు. ఆ మెసేజ్‌ను అలాగే తీసుకెళ్లి ఇన్‌స్టాగ్రామ్‌లో పేస్ట్ చేస్తే నక్షత్రాలు నక్షత్రాల్లాగే మిగిలిపోయి రెండు అక్షరాల చోటు తినేస్తాయి. పేస్ట్ చేసేముందు తీసేయండి.

పోస్టు పెట్టాక రెండు నిమిషాల పని ఒకటుంది. ఇంకో ఫోన్‌లో ఫీడ్ తెరిచి, `more` నొక్కకుండా చదవండి. వీలైతే అక్షరాలు పెద్దవి పెట్టుకున్న ఫోన్‌లో చూడండి. తేడా ఉంటే పోస్టు తీసేయనక్కర్లేదు, మూడు చుక్కలు నొక్కి ఎడిట్‌లోకి వెళ్లి మొదటి వరుస సరిచేస్తే చాలు. వదిన ఇప్పుడు పోస్టు పెట్టగానే తన ఫోను తీసుకెళ్లి నాన్నగారికి ఇవ్వదు, ఆయన ఫోన్‌లోనే ఫీడ్ తెరిపిస్తుంది. "మావయ్యగారూ, ఏం కనబడుతోంది?" అని అడుగుతుంది. ఆయన కళ్లజోడు సర్దుకుని "మే 18 వరకే ఆవకాయ ఆర్డర్లు" అని చదివితే, ఇక ఆ పోస్టు జోలికి పోదు.